పోటీకి ముందు వారం: ఏ పరుగు ఉంచుకోవాలి, ఏది వదలాలి



ఉదయం పూట గ్రౌండ్‌లో మీతో కలిసి పరిగెత్తడానికి వచ్చే ముగ్గురు పాత విద్యార్థులం కలిసి రాస్తున్న వ్యాసమిది. ఏటా పోటీల కాలం రాగానే మీలో ఎవరో ఒకరు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంక వారమే ఉంది. ఇప్పుడు ఎంత పరిగెత్తాలి?" ఈ ప్రశ్నకు గ్రౌండ్ గేటు దగ్గర నిలబడ్డ ప్రతివాడి దగ్గరా జవాబుంటుంది. ఒకడు రెండింతలు చెయ్యమంటాడు. ఇంకొకడు పూర్తిగా మానేసి పడుకోమంటాడు. మాలో ఇద్దరం ఆ రెండు సలహాలనూ తలా ఒకటి పాటించి నష్టపోయాం. కాబట్టి నెలల తరబడి ఎలా సాధన చెయ్యాలన్న సంగతి ఇక్కడ ఎత్తుకోవడం లేదు. 5 కిలోమీటర్ల పోటీకి ముందు వచ్చే ఆ ఒక్క వారం గురించే రాస్తున్నాం.

ముందు మా సంగతి చెబుతాం. మాలో ఒకరు కానిస్టేబుల్ సెలెక్షన్‌కు తయారయ్యారు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్ళు 5 కి.మీ. 24 నిమిషాల్లో పరిగెత్తాలన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. పరుగుకు తొమ్మిది రోజుల ముందు గ్రౌండ్‌లో పెట్టుకున్న ట్రయల్‌లో ఆయనకు 23 నిమిషాల 35 సెకన్లు వచ్చింది. అంటే గెలిచినట్టే. కానీ చివరి వారం భయం పట్టుకుంది. సోమవారం నుంచి గురువారం దాకా రోజూ వాచీ పెట్టుకుని పూర్తి 5 కి.మీ. పరిగెత్తారు. సాయంత్రం బలం కోసమని వంద గుంజీళ్ళు. రోజురోజుకూ టైము తగ్గాల్సింది పోయి పెరుగుతూ వచ్చింది. పెరిగిన కొద్దీ ఇంకా గట్టిగా పరిగెత్తారు. శనివారం అసలు పరుగులో 24 నిమిషాల 19 సెకన్లు. పంతొమ్మిది సెకన్లకు ఉద్యోగం చెయ్యిజారింది. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆయన ఇటుకబట్టీ దగ్గర లెక్కలు రాసే పనిలో ఉండిపోయారు.

ఇది చూసిన రెండో ఆయన తన వంతు వచ్చినప్పుడు దానికి సరిగ్గా ఎదురు చేశారు. ఆరు రోజులు కాలు కదపలేదు. తిన్నారు, పడుకున్నారు, గ్లూకోజు నీళ్ళు తాగారు. పరుగు రోజున మొదటి రెండు ల్యాపులు కాళ్ళు తనవి కానట్టు, కొయ్యకాళ్ళలాగా ఉన్నాయన్నారు. ట్రయల్‌లో 23 నిమిషాల 20 సెకన్లు తీసిన మనిషి ఆ రోజు 23 నిమిషాల 58 సెకన్లకు గీత దాటారు. ఉద్యోగం వచ్చింది గానీ, ఆ రెండు సెకన్ల గురించి ఇప్పటికీ రాత్రిళ్ళు కలవరిస్తానంటారు.

ఇద్దరి తప్పూ ఒకటే. ఆ వారంలో ఒంట్లో ఏం జరుగుతుందో తెలియకపోవడం.

మనం ఒక రోజు గట్టిగా పరిగెత్తితే ఆ రోజే బలం రాదు. ఆ రోజు వచ్చేది అలసట మాత్రమే. కండరాల్లో సన్నని పోగులు కొన్ని దెబ్బతింటాయి, వాటిలో నిల్వ ఉన్న చక్కెర, అంటే గ్లైకోజెన్, తగ్గిపోతుంది. తర్వాత తిండితో, నిద్రతో శరీరం వాటిని బాగు చేసుకుంటుంది. ఈసారి మునుపటికన్నా కొంచెం గట్టిగా కట్టుకుంటుంది. ఆ కట్టుకోవడానికి సుమారు పది రోజులు, కొందరికి రెండు వారాలు పడుతుంది. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే మిగిలినదంతా తేలిగ్గా అర్థమవుతుంది. వచ్చే ఆదివారం పోటీ ఉంటే, ఈ బుధవారం నువ్వు విరగబడి చేసిన సాధన వల్ల వచ్చే లాభం పోటీ అయిపోయాక అందుతుంది. దాని అలసట మాత్రం పోటీ రోజుకే చేతికి వస్తుంది. కనుక చివరి వారంలో కొత్త బలం సంపాదించడం అనేది జరగని పని. ఇప్పటికే సంపాదించి పెట్టుకున్న బలం మీద నుంచి అలసటను తీసెయ్యడమే ఆ వారం పని.

మరైతే పూర్తిగా పడుకుంటే అలసట ఇంకా త్వరగా పోతుంది కదా అని అడుగుతారు. పోతుంది, నిజమే. కానీ దాంతోపాటు పోకూడనివి కూడా పోతాయి. బాగా సాధన చేసేవాళ్ళ ఒంట్లో రక్తం పరిమాణం మామూలు వాళ్ళకన్నా ఎక్కువ ఉంటుంది. పరుగు పూర్తిగా మానేస్తే కొన్ని రోజులకే అందులోని ద్రవభాగం తగ్గడం మొదలవుతుంది. అప్పుడు అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఇంకొకటి, పోటీ వేగంలో కాలు ఎంత దూరం పడాలి, చెయ్యి ఎలా ఊగాలి, ఊపిరి ఏ లెక్కలో తీసుకోవాలి అన్న వాడుక కూడా మొద్దుబారుతుంది. రెండో ఆయన చెప్పిన కొయ్యకాళ్ళు ఇవే.

దీన్ని కొలిచి చూసిన వాళ్ళున్నారు. కెనడాలో జరిగి 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో, బాగా సాధన చేసిన మధ్యదూరపు పరుగు వీరులతో ఈ వారాన్ని మూడు రకాలుగా చేయించారు. ఒకసారి పూర్తి విశ్రాంతి. ఒకసారి నెమ్మది పరుగు మాత్రమే. ఒకసారి చాలా కొద్ది దూరం, కానీ వేగంగా: 500 మీటర్ల పరుగులు మొదటి రోజు ఐదు, తర్వాత రోజుకొకటి చొప్పున తగ్గించుకుంటూ. ఆ తర్వాత వాళ్ళ 1500 మీటర్ల వేగంతో ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నిలవగలరో చూశారు. కొద్దిగానే అయినా వేగంగా పరిగెత్తిన వారం తర్వాత 22 శాతం ఎక్కువసేపు నిలిచారు. మిగతా రెండు రకాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అమెరికాలో 1994లో వచ్చిన మరో పరిశోధన నేరుగా మన 5 కి.మీ. మీదే జరిగింది. వారం రోజులు దూరాన్ని మామూలులో 15 శాతానికి తగ్గించి, ఆ కొద్దిపాటిలో 400 మీటర్ల వేగపు పరుగులు ఉంచితే, 5 కి.మీ. టైము సుమారు 3 శాతం మెరుగుపడింది.

మూడు శాతమంటే తక్కువ అనుకోకండి. 20 నిమిషాల వాడికి అది 36 సెకన్లు. అయితే వాళ్ళు ఏళ్ళ తరబడి పరిగెత్తి, వారానికి ఎన్నో కిలోమీటర్లు చేసేవాళ్ళు. మనబోటి వాళ్ళం ఒకటి రెండు శాతం ఆశించడం న్యాయం.

ఈ రెండూ చదివాక, మా ఇద్దరి దెబ్బలు కలిపి చూసుకున్నాక మేము పెట్టుకున్న లెక్క ఇది. వేగం ఉంచాలి. వారానికి ఎన్ని రోజులు పరిగెత్తుతామో అన్ని రోజులు ఇంచుమించు ఉంచాలి. దూరాన్ని మాత్రం సగానికి దగ్గరగా కొయ్యాలి. కత్తికి పదును పెట్టేటప్పుడు రాయి మీద రెండు మూడుసార్లు లాగి వదిలేస్తాం. కత్తి అరిగిపోయేదాకా రుద్దం. అందుకే మేము దీన్ని పదును వారం అని పిలుచుకుంటున్నాం.

ఇక ఒక మనిషి లెక్క తీసుకుని చూద్దాం. మన హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు కిందటి చలికాలం కాలేజీల మధ్య జరిగే 5000 మీటర్ల పోటీకి తయారయ్యాడు. అంతకుముందు అతని మంచి టైము 20 నిమిషాల 20 సెకన్లు. 20 నిమిషాల లోపు రావాలని కోరిక. 400 మీటర్ల ట్రాక్ మీద 5000 మీటర్లంటే పన్నెండున్నర ల్యాపులు. 20 నిమిషాలకు ల్యాపుకు 96 సెకన్లు, కిలోమీటరుకు సరిగ్గా 4 నిమిషాలు. ఈ 96 అనే అంకె అతను నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాడు.

మామూలు వారంలో అతను సోమవారం 6 కి.మీ. నెమ్మదిగా, మంగళవారం వార్మప్‌తో కలిపి 9 కి.మీ. (అందులో ఐదుసార్లు 1000 మీటర్లు వేగంగా), బుధవారం 5, గురువారం 6, శుక్రవారం సెలవు, శనివారం కొంచెం గట్టిగా 7, ఆదివారం తీరిగ్గా 9 పరిగెత్తేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా చూస్తే 33 కి.మీ. పోటీ ఆదివారం ఉదయం. దానికి ముందు ఆదివారం నాడే 9కి బదులు 7 కి.మీ.తో ఆపించి, పదును వారంలోకి దింపాం.

సోమవారం 4 కి.మీ. నెమ్మదిగా. నెమ్మది అంటే పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మది. చివర్లో 80 మీటర్ల వేగపు పరుగులు నాలుగు. ఇవి పందెం పరుగులు కావు. ఒళ్ళు బిగపట్టకుండా, మెల్లగా వేగం పెంచుకుంటూ పోయి, చివర మళ్ళీ వదిలెయ్యాలి. ఒక్కోదాని తర్వాత నడుచుకుంటూ వెనక్కి రావాలి. ఊపిరి పూర్తిగా కుదుటపడ్డాకే రెండోది.

మంగళవారం ఈ వారానికి అసలైన రోజు. ఒకటిన్నర కి.మీ. వార్మప్ జాగింగ్, తర్వాత మూడుసార్లు 1000 మీటర్లు. మామూలుగా ఐదు చేసేవాడు, ఇప్పుడు మూడే. ఒక్కోటి 4 నిమిషాలకు, మధ్యలో రెండున్నర నిమిషాలు నడక, మెల్లని జాగింగ్. చివర ఒక కి.మీ. వదులుగా. అంతా కలిపి 6 కి.మీ.కి మించదు.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి కొంచెం ఆగి చెబుతాం. రెండు రోజులుగా దూరం తగ్గింది కాబట్టి కాళ్ళు ఎగురుతుంటాయి. మన తమ్ముడు మొదటి 1000 మీటర్లు 3 నిమిషాల 46 సెకన్లకు కొట్టి, నవ్వుకుంటూ వచ్చాడు. మేము తిట్టాం. ఎందుకంటే ఆ రోజు చేస్తున్నది పరీక్ష కాదు. పోటీ వేగం ఎలా ఉంటుందో కాళ్ళకు మళ్ళీ ఒకసారి చూపించడం. 3:46 వేగం అలవాటైతే పోటీలో మొదటి ల్యాపు 90 సెకన్లకు పోయి, తొమ్మిదో ల్యాపులో కూలబడతాడు. రెండోది 3:58, మూడోది 4 నిమిషాలకు తెచ్చాం. మూడోది అయ్యాక "ఇంకో రెండు చెయ్యగలనన్నా" అన్నాడు. ఆ మాట రావాలి. రాకపోతే ఏదో తేడా ఉన్నట్టు. ఇంకో రెండు చెయ్యగలిగినా చెయ్యకూడదు. ఆ రెండూ ఆదివారానికి దాచుకున్నవి.

బుధవారం 3 కి.మీ. నెమ్మదిగా, అంతే.

గురువారం వార్మప్, తర్వాత నాలుగుసార్లు 400 మీటర్లు. ఒక్కోటి 94, 95 సెకన్లకు, అంటే పోటీ వేగం కన్నా పిసరంత ఎక్కువ. మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. వార్మప్, చివరి జాగింగ్ కలిపినా 4 కి.మీ. అరగంటలో గ్రౌండ్ నుంచి బయటికి రావాలి. చూసేవాళ్ళకు ఇది సాధనలా అనిపించదు. పక్కన కబడ్డీ ఆడుతున్నవాళ్ళు "అప్పుడే అయిపోయిందా?" అని ఎగతాళి చేశారు కూడా.

శుక్రవారం అలవాటు ప్రకారం సెలవు. శనివారం 2 కి.మీ. మెల్లగా, 80 మీటర్ల పరుగులు నాలుగు. మొత్తం కలిపితే 33 ఉండాల్సిన చోట 19 కి.మీ. అయింది. అయినా వేగంగా పరిగెత్తిన రోజులు ఒక్కటీ పోలేదు చూడండి. పోయినవన్నీ దూరాలే.

ఉదయం లేదా సాయంత్రం అనే సంగతి కూడా చూసుకోవాలి. పోటీ ఏ వేళకు ఉందో ఆ వేళకే ఈ వారం పరిగెత్తండి. ఉదయం ఏడింటికి పోటీ ఉన్నవాడు వారమంతా స్టడీ అవర్‌కు ముందు సాయంత్రం పూట పరిగెత్తితే, ఆదివారం పొద్దున కడుపు, కాళ్ళు రెండూ సహకరించవు.

ఇక వదిలెయ్యాల్సినవి. మొదటిది, వాచీతో పూర్తి 5 కి.మీ. ట్రయల్. మా మొదటి ఆయనను ముంచింది ఇదే. ట్రయల్ చెయ్యాలనుంటే పోటీకి పది పన్నెండు రోజుల ముందే చేసుకోవాలి. ఆ తర్వాత దాని జోలికి పోవద్దు. గట్టిగా పరిగెత్తిన 5 కి.మీ. ఒంట్లోంచి పూర్తిగా దిగాలంటే నాలుగైదు రోజులు కావాలి. మంగళవారం ట్రయల్ పెట్టుకున్నవాడు ఆదివారం పోటీ రెండోసారి పరిగెత్తుతున్నట్టే లెక్క.

రెండోది, కొత్త పని ఏదైనా. గుంజీళ్ళు, మెట్లెక్కే పరుగులు, గుట్ట ఎక్కడం, బరువులు, ఇవన్నీ మంచివే. నెల రోజుల ముందు అయితే మేమే చేయిస్తాం. ఈ వారం మాత్రం వద్దు. అలవాటు లేని పని చేస్తే కండరాల నొప్పి ఆ రోజు తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత, కొందరికి మూడో రోజుకు గానీ పూర్తిగా పైకి రాదు. గురువారం సాయంత్రం సరదాగా ఆడిన కబడ్డీ శనివారం తొడల్లో పట్టేస్తుంది. వార్షికోత్సవం ఆటల పోటీలు కూడా ఈ రోజుల్లోనే పెట్టుకుంటాం కాబట్టి హాస్టల్లో ఇది పెద్ద చిక్కు. రూమువాళ్ళు వాలీబాల్‌కు ఒక మనిషి తక్కువయ్యాడని లాక్కుపోతారు. స్కోరు రాస్తానని చెప్పి కూర్చోండి. మన తమ్ముడు ఆ వారం మూడు మ్యాచులకు స్కోరు రాశాడు.

మూడోది, కొత్త బూట్లు. పోటీ కోసమని ఇంటి దగ్గర నుంచి ఎవరో అన్న డబ్బులు పంపితే శనివారం కొని ఆదివారం వేసుకుని పరిగెత్తినవాళ్ళు మనలో ఉన్నారు. మూడో కి.మీ. దగ్గర మడమ తోలు లేచిపోతుంది. కాన్వాస్ బూట్లతో సాధన చేస్తే కాన్వాస్‌తోనే పరిగెత్తండి. వట్టి కాళ్ళతో చేసినవాళ్ళు వట్టి కాళ్ళతోనే. మంచి బూట్లు చేతికొస్తే ఈ పోటీ అయ్యాక అలవాటు చేసుకోండి.

తిండి గురించి రెండు మాటలు చాలు. దూరం తగ్గింది కదా అని తిండి తగ్గించనక్కర లేదు, పోటీ ఉంది కదా అని పెంచనూ అక్కర లేదు. మెస్‌లో రోజూ తినే అన్నమే కండరాల్లో గ్లైకోజెన్ నింపుతుంది. పరుగు తగ్గించడం వల్ల దాని నిల్వ తానుగా పెరుగుతుంది. శనివారం రాత్రి బయట బిర్యానీ, నూనె పదార్థాలు మానండి. పోటీ రోజున రెండు మూడు గంటల ముందు ఒక అరటిపండు, కొంచెం ఉప్మా లేదా ఇడ్లీ సరిపోతుంది. వారమంతా తిన్నది మాత్రమే ఆ రోజూ తినాలి. నిద్ర విషయంలో, పోటీ ముందు రాత్రి కంగారుతో నిద్ర పట్టకపోయినా అంత నష్టం లేదు. గురు, శుక్రవారం రాత్రుల నిద్ర మాత్రం పోగొట్టుకోవద్దు. రికార్డులు రాయడం, అసైన్‌మెంట్లు వంటివి సోమ, మంగళవారాల్లోనే ముగించుకోండి.

ఇప్పుడు, ఈ వారం సరిగ్గా పోతోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ముందుగా ఒక హెచ్చరిక. బుధ, గురువారాల్లో కాళ్ళు బరువుగా, మందంగా అనిపించడం మామూలే. ఎక్కడో మోకాలి పక్కన చిన్న నొప్పి ఉన్నట్టు, గొంతు గరగరలాడుతున్నట్టు కూడా అనిపిస్తుంది. రోజూ అలసిపోయే ఒంటికి అలసట తగ్గేసరికి ఇదివరకు గమనించని చిన్న చిన్నవన్నీ తెలుస్తాయి. దీన్ని చూసి "ఫామ్ పోయింది" అని భయపడి మళ్ళీ దూరం పెంచేవాళ్ళే ఎక్కువ. మా మొదటి ఆయన భయం కూడా ఇలాగే మొదలైంది. వేగపు పరుగులు అనుకున్న టైముకు వస్తున్నంత కాలం ఆ బరువును పట్టించుకోవద్దు.

నిజమైన గుర్తు వేరే ఉంది. నిద్ర లేవగానే, మంచం మీద నుంచి దిగకముందే, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పూర్తి ఒక నిమిషం లెక్కపెట్టండి. ఈ అలవాటు రెండు వారాల ముందే మొదలుపెడితే మీ మామూలు అంకె ఎంతో తెలుస్తుంది. మన తమ్ముడిది 54, 56 మధ్య ఉండేది. పదును వారంలో అది అక్కడే ఉండాలి, లేదా కొంచెం తగ్గాలి. రెండు రోజులు వరసగా ఎనిమిది, పది ఎక్కువ వచ్చి, నిద్ర కూడా సరిగా లేకపోతే ఒంట్లో అలసట దిగలేదని గానీ, జ్వరం రాబోతోందని గానీ అర్థం. అప్పుడు గురువారం 400 మీటర్ల పరుగులు వదిలేసి, 2 కి.మీ. నెమ్మదిగా పరిగెత్తి ఆపండి. జ్వరం వచ్చేస్తే పోటీయే వదిలెయ్యాలి. జ్వరంతో 5 కి.మీ. గట్టిగా పరిగెత్తడం గుండెకు ప్రమాదం. ఎంత పెద్ద పోటీ అయినా ఈ విషయంలో మేము మాట మార్చం.

రెండో గుర్తు మంగళవారమే దొరుకుతుంది. మొదటి 1000 కన్నా మూడోది ఐదు సెకన్లకు మించి నెమ్మదిస్తే, ఊపిరి అందకుండా వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోవాల్సి వస్తే, అంతకుముందు వారాల భారం ఇంకా ఉందని. గురువారం నాలుగుకు బదులు రెండు 400లు చాలు. అయితే మొదటిది పోటీ వేగం కన్నా బాగా ఎక్కువగా కొట్టి, మూడోది అందువల్ల తగ్గిందా అన్నది ముందు చూసుకోండి. మన తమ్ముడికి మొదటిదానికీ మూడోదానికీ 14 సెకన్ల తేడా ఉంది, కానీ అది మేము పట్టి ఆపిన తేడా, అలసటది కాదు.

ఈ లెక్క అందరికీ ఒకేలా వర్తించదు. మూడు వారాల క్రితమే పరుగు మొదలుపెట్టి, వారానికి 12, 15 కి.మీ. మాత్రమే చేస్తున్నవాడికి తగ్గించడానికి ఉన్నదే తక్కువ. అతను గురువారం దాకా మామూలుగా చేసి, చివరి రెండు మూడు రోజులు మాత్రం తగ్గించుకుంటే చాలు. అలాగే సాధన సరిగా చెయ్యని నెలలను ఈ వారం పూడ్చదు. రోజుకు 9 కి.మీ. చేసేవాడికి దాచుకున్న బలం ఉంటుంది, దాని మీద దుమ్ము దులపవచ్చు. ఏమీ లేనివాడికి దులపడానికి ఏముంటుంది? కానిస్టేబుల్ పరుగుకు 24 నిమిషాలు కావాల్సినవాళ్ళు పై అంకెల్లో 96 బదులు 115 సెకన్ల ల్యాపు వేసుకుని, 1000 మీటర్లకు 4 నిమిషాల 48 సెకన్లు పెట్టుకుంటే మిగతాదంతా అదే.

పోటీ రోజు గురించి ఒక్క సంగతి రాసి ముగిస్తాం. 5000 మీటర్ల పరుగు మొదలయ్యేది ముగింపు గీత దగ్గర కాదు, ట్రాక్‌కు అవతలి వైపు. మొదట సగం ల్యాపు, ఆ తర్వాత పన్నెండు. కాబట్టి 20 నిమిషాలు కావాల్సినవాడు మొదటిసారి గీత దాటేటప్పుడు వాచీలో 48 సెకన్లు ఉండాలి. పదును వారం బాగా జరిగినవాడికి అక్కడ 42 కనిపించే ప్రమాదం ఎక్కువ. కాళ్ళు అంత తేలిగ్గా ఉంటాయి. మేము గీత దగ్గర నిలబడి ఒక్కో ల్యాపుకు టైము అరిచి చెప్పాం. మన తమ్ముడు 45కి వచ్చాడు. "ఆగరా, ఆగు" అని అరిచాం. తర్వాతి రెండు ల్యాపుల్లో సర్దుకున్నాడు. ఎనిమిదో ల్యాపు దాకా 96 తప్పలేదు. తొమ్మిది, పదిల్లో 98, 99 పడ్డాయి. చివరి ల్యాపు 91కి లాగాడు.

గీత దాటేసరికి 20 నిమిషాల 3 సెకన్లు. 20 లోపు రాలేదు. కానీ తన మంచి టైము కన్నా 17 సెకన్లు తగ్గింది. కాలేజీ జట్టుకు నలుగురిని తీసుకుంటారు, నాలుగోవాడిగా ఎంపికయ్యాడు. ఐదోవాడు అతని వెనక రెండడుగుల దూరంలో ఉన్నాడు. మధ్యాహ్నం బస్సులో వస్తూ ఆ తొమ్మిది, పది ల్యాపుల సంగతే అడుగుతూ కూర్చున్నాడు. మొదటి సగం ల్యాపులో తొందరపడి పోగొట్టుకున్నదేనని చెప్పాం. ఈసారి పోటీకి గురువారం 400ల్లో ఒకటి తీసేసి, దాని బదులు గీత దగ్గర నిలబడి మొదలుపెట్టే 200 మీటర్లు 48 సెకన్లకు మూడుసార్లు పరిగెత్తి చూస్తానంటున్నాడు. మాకూ అది బాగానే ఉంది.